టోపీ పెట్టె పట్టే బండి

1974 జూన్ 9, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. చర్చి నుంచి వచ్చి పొయ్యి మీద పప్పు పెట్టాను. మా మరిది చంకలో రెండు పత్రికలు పెట్టుకుని, చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చాడు. ఆ కథ అక్కడ మొదలైంది. గోదావరిఖనిలో మా క్వార్టరు వంటగది గుమ్మంలో.

అప్పటికి మా ఆయనను బొగ్గు బాయి లోపలి పనికి అన్‌ఫిట్ చేసి మూడు నెలలు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. కంపెనీ ఇచ్చిన డబ్బు ఒక్కసారి వచ్చేది, మళ్లీ రానిది. దానితో టాక్సీ కొని రామగుండం స్టేషన్ నుంచి ఖనికి, ఖని నుంచి పెద్దపల్లికి తానే నడుపుకుంటానని ఆయన ఆశ. డ్రైవింగు నేర్చుకున్నాడు కూడా. నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నా జీతంతో ఇల్లు గడుస్తుంది, మనిషి నిలబడడు. ఇరవై రెండేళ్లు షిఫ్టు కూతకు లేచిన మనిషి పొద్దంతా మంచం మీద కూర్చుని గోడ చూస్తుంటే నాకు భయం వేసేది. కొన్న బండి నడవకపోతే రెండో బండి లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మార్కెట్లో ఉన్నవే కొన్ని బండ్లు. మా వైపు వాటి అసలు పేర్లు ఎవరూ అనేవారు కాదు. పెద్దబండి అంటే అందరికీ తెలుసు. దిట్టమైనది, పెట్రోలు తాగేది. అంతకు ముందు చలికాలం పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగినప్పటి నుంచి దాని పేరెత్తితే జనం జేబు తడుముకునేవారు. చిన్నబండి పొదుపు, కానీ బుక్ చేస్తే ఏళ్ల తరబడి రాదు. ఇక మూడోది కొత్తబండి. పొదుపు, అందం, పైగా ఆరు వారాల్లో ఇస్తామంటున్నారు. ఇప్పుడది తయారు కావడం లేదు, దాని పేరుతో ఎవరికీ పని లేదు కనుక రాయను.

మరిది పత్రికలు నా ముందు పరిచాడు. ఒకటి ఇంగ్లీషు మోటారు పత్రిక, ఒకటి తెలుగు వారపత్రిక. రెండింటిలోనూ కొత్తబండిని నడిపి చూసి రాసిన వ్యాసాలు.

"జూడు ఒదినె, రెండు పేపర్లు, ఇద్దరు వేరే వేరే మనుషులు. ఇద్దరు ఒక్కతీరుగ రాసిండ్రు. ఇంకేం ఫికర్?"

తెలుగు వ్యాసంలో ఒక వాక్యం దగ్గర వేలు పెట్టాడు. "గిది మన బాయోళ్ల కోసమే కట్టిండ్రు. డిక్కీల రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక టోపీ పెట్టె పడుతయట. బాయి టోపీలు పెట్టుకునే పెట్టెకు సుత జాగ ఇచ్చిండ్రు!"

మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు. "షిఫ్టు దిగినోళ్లు ఐదుగురు ఎక్కితే ఐదు టోపీలు. ఒక్క పెట్టెల వడుతయా?"

నేను నవ్వలేదు. నలభై మంది పిల్లల పేపర్లు దిద్దే చేతికి ఒక అలవాటు ఉంటుంది. సరైన జవాబు ఇద్దరికీ ఒకేలా వస్తే చదివారనుకుంటాం. తప్పు ఇద్దరికీ ఒకేలా వస్తే ఒకడు పక్కవాడిది చూశాడని అర్థం. తెలుగు దేశంలో ఏ మనిషి టోపీ పెట్టెతో ప్రయాణం చేస్తాడు? ఏ తెలుగు విలేఖరి డిక్కీ తెరిచి, 'ఇందులో టోపీ పెట్టె పడుతుంది' అనుకుంటాడు? సన్నబియ్యం బస్తా పడుతుందా అని చూస్తాడు. పరుపు చుట్ట పడుతుందా అని చూస్తాడు.

ఇంగ్లీషు పత్రిక తీశాను. అందులోనూ రెండు సూట్‌కేసులు, ఒక టోపీ పెట్టె.

"బండ్లమ్మే ఏజెంటు ఇచ్చిన రంగుల కాగితం ఉన్నదా?" అని అడిగాను.

మరిది జేబులోంచి మడతపెట్టిన కరపత్రం తీశాడు. కంపెనీది. మూడో పేజీలో, టోపీలు పెట్టుకున్న తెల్ల దొరసానుల దేశం నుంచి వచ్చిన వాక్యం అదే: రెండు సూట్‌కేసులు, ఒక టోపీ పెట్టె.

"ఇద్దరు మనుషులు కాదు. ఒక్కటే కాగితం," అన్నాను.

"నువ్వు అన్నిట్ల తప్పులే ఎతుకుతవు ఒదినె."

వెతికాను మరి. ఆ మధ్యాహ్నం రెండు వ్యాసాలూ మూడుసార్లు చదివాను. అబద్ధం ఒక్కటి కూడా దొరకలేదు. మోసం అబద్ధంలో ఉంటుందనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అందులో రాసినవన్నీ నిజమే కావచ్చు. నేను చూసింది రాయనివి. బండి ఎవరిదో ఇంగ్లీషు వ్యాసం చివర చిన్న అక్షరాల్లో ఉంది. కంపెనీవారు దయతో ఇచ్చారట. ఎన్ని రోజులు నడిపారు? పొద్దున హైదరాబాదులో ఎక్కి, బొంబాయి రోడ్డు మీద వెళ్లి, సాయంత్రం దిగారు. ఎంతమంది ఎక్కారు? రాసినతను, పక్కన కంపెనీ మనిషి. మీటరు మీద అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగిందో లేదు. నచ్చనిది ఒక్కటి లేదు, కనీసం హారన్ మోత బాగాలేదని కూడా లేదు. దేవుడు చేసిన మనిషిలోనే లోపముంటుంది, బొంబాయి రోడ్డు మీద ఒక్కరోజు తిరిగిన కారులో లేదట. ఇక పత్రిక వెనక అట్ట మీద నిండు పేజీ ప్రకటన, అదే బండిది.

"పైసలిచ్చినోని మీద ఎవడన్న చెడ్డగ రాస్తడా?" అన్నాను.

"అయితే కాకను అడుగు. కాకకు పైసలు ఎవలిచ్చిండ్రు? ఆయన సొంత బండి," అన్నాడు మరిది.

కాక అంటే మా చర్చి పెద్ద. బాయిలో కూలీల పని చూసే ఓవర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. మా ఆయనకు బాయిలో మొదటి మస్టరు వేయించి పనిలో పెట్టింది ఆయనే. కాలనీలో కొత్తబండి కొన్న మొదటివాడు కూడా ఆయనే. కొని ఏడాదైంది. ఆయన మాట మా ఆయనకు దేవుని వాక్యంతో సమానం.

సాయంత్రం వెళ్లాం. కాక బండి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"బంగారం బిడ్డా. ఒక్క కంప్లేంటు లేదు. కండ్లు మూసుకొని తీసుకోండ్రి. నేనే ఏజెంటుతోని మాట్లాడుత."

మా ఆయన తల ఊపాడు. నాకు చెవిలో ఏదో గుచ్చుకుంది. ఏమిటో ఇంటికి వెళ్లేదాకా తెలియలేదు.

మన భాషలో ఎవరూ సొంత వస్తువును అలా పొగడరు. అల్లుడెట్లున్నడంటే "మంచిగనే ఉన్నడు" అంటారు. అత్త ఎట్లాంటిదంటే "మంచిదే" అంటారు. ఆ చివరి అక్షరంలోనే సంసారమంతా ఉంటుంది. 'మంచిది' అంటే ఇంకా కాపురం చెయ్యలేదని. 'మంచిదే' అంటే చేశారని, చెప్పాల్సింది ఇంకా ఉందని. రెండు పత్రికల్లోనూ 'మంచిదే' లేదు. ఏడాది నడిపిన కాక నోటా లేదు.

మరుసటి ఆదివారం స్త్రీల ప్రార్థన కూటం కాక ఇంట్లోనే జరిగింది. కీర్తనలు అయిపోయాక, కాక భార్య చాయ్ పోస్తుంటే వాకిట్లో బండి కనబడింది. ఆ రోజుల్లో టైర్లు దొరకడం గగనం. కాక బండికి నాలుగూ కొత్తవి, ఇంకా రబ్బరు వెంట్రుకలు కూడా అరగలేదు.

"చిన్నమ్మా, ఏడాదికే నాలుగు టైర్లు మార్చిండ్రా?"

"మార్చిండ్రు బిడ్డా. మీ అసొంటోళ్ల పుణ్యమే," అన్నది ఆమె, చాయ్ గ్లాసు నా చేతిలో పెడుతూ. ఆమెకు కల్లాకపటం తెలియదు. "ఐదుగురు బుక్ జేస్తే ఏజెంటు ఒక జత ఇస్తడు. మీరు పదకొండో ఇల్లు."

చాయ్ తాగాను. బాగుంది. అది ఆమె తప్పు కాదు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన గోడ వైపు తిరిగాడు. "టైర్లు తీసుకున్నంత మాత్రాన బండి చెడ్డదైతదా టీచరమ్మా?" నన్ను ఆటపట్టించేటప్పుడు 'టీచరమ్మా' అనేవాడు, కోపమొచ్చినప్పుడూ అదే. అడిగింది న్యాయమే. టైర్లు కాక మాట విలువ చెబుతాయి, బండి విలువ చెప్పవు. దానికి నడిపేవాడే కావాలి. కాక బండి ఆదివారం చర్చికి, నెలకోసారి దవాఖానకు పోయేది. ఏడాది అని చెప్పుకున్నా అది తిరిగింది మా స్టేషన్ టాక్సీ నెలలో తిరిగినంత. మా రోడ్డు మీద, మా బరువుతో నడిపినవాడిని పట్టుకోవాలి.

మంచిర్యాలలో మెకానిక్కును అడిగించాను. "మాకు బంగారమసొంటి బండి. నెలకొక్కసారన్న అస్తది," అన్నాడట. మరిది ఆ జవాబును మెచ్చుకోలుగా మోసుకొచ్చాడు.

"చూసినవా ఒదినె? మెకానిక్కు సుత బంగారమన్నడు!"

"ఎవరికి బంగారమన్నడు?"

మరిది లేచి నీళ్లు తాగాడు.

రామగుండం స్టేషన్‌లో కొత్తబండి ఒకటే టాక్సీ ఉండేది. మా ఆయన ఒకసారి వెళ్లి డ్రైవరును అడిగాడు. "మంచిదే అన్నా" అన్నాడట. మా ఆయన సంతోషంగా తిరిగొచ్చాడు. ఆ 'దే' ఆయనకు వినబడలేదు. వినదలచుకోలేదు.

జులై మొదటి వారంలో స్కూలు పుస్తకాల కోసం వరంగల్ వెళ్లి, తిరిగొచ్చి రామగుండంలో రైలు దిగి, కావాలనే ఆ టాక్సీ పిలిచాను. రెండు పుస్తకాల కట్టలు. డ్రైవరు డిక్కీ తెరిచాడు. అందులో స్టెప్నీ చక్రం, పక్కన నీళ్ల డబ్బా, జాకీ. ఒక కట్టే పట్టింది. రెండోది నా ఒళ్లో పెట్టుకున్నాను.

"టోపీ పెట్టె ఏడ పెడుతరయ్యా?" అన్నాను.

"ఏం పెట్టె అమ్మా?"

"ఏం లేదు, పోనియ్యి."

ముందు సీట్లో ఇద్దరు, వెనక నాతో ఇద్దరు. స్టేషన్ దాటగానే బొగ్గు లారీల వరుస. వాటి వెనక ఎవరు నడిపినా రెండో గేరులోనే నడపాలి. తోసుకుపోవడానికి లేదు, ఆగడానికి లేదు. నేను డ్రైవరు చేతులే చూస్తున్నాను. కుడిచెయ్యి స్టీరింగు మీద, ఎడమచెయ్యి గేరు కర్ర మీద. ఎదురుగా ఎద్దుల బండి వచ్చినా కుడిచేత్తోనే తిప్పుకున్నాడు గాని ఆ చెయ్యి తియ్యలేదు. చెమట తుడుచుకోవడానికి మోచెయ్యి వాడాడు.

మిగతావాళ్లు దిగిపోయాక అడిగాను. "ఆ చెయ్యి ఎందుకు తియ్యవు?"

అద్దంలో నన్ను చూశాడు. "ఓనరు పంపిండా అమ్మా?"

"లేదు. మా ఆయన ఇదే బండి కొంటనంటుండు. మొన్న వచ్చి నిన్ను అడిగిండు గద."

"ఆ... దగ్గుకుంట వచ్చిన అన్ననా?" మళ్లీ రోడ్డు వైపు చూశాడు. "బండి మంచిదే అమ్మా."

"ఆ 'దే' ఏంది?"

పకపకా నవ్వాడు. నవ్వి, గేరు కర్ర మీంచి చెయ్యి తీశాడు. ముందర లారీ వేగం తగ్గించింది, ఇతను ఎక్సిలరేటరు మీంచి కాలు ఎత్తాడు. కర్ర టక్కున గేరు తప్పి దూకింది. మళ్లీ కాలు వేస్తే బండి కదల్లేదు, ఇంజను ఉత్తగా అరిచింది.

"జూసినవా? ఇడిస్తే అలుగుతది. రెండో గేరుల నిలువది. మొదలు ఆర్నెల్లు మహారాణి లెక్క నడిచిందమ్మా. తరువాత గిట్ల. గేరు పెట్టెల పండ్ల చక్రం మార్చినం రెండుసార్లు. సామాను మద్రాసు నుంచి రావాలె. వచ్చేదాకా బండి షెడ్డుల, నేను ఇంట్ల."

"ఈ ఏడాది ఎన్ని రోజులు ఇంట్లున్నవు?"

"నలభై పైనే."

"నీ పైసలైతే మళ్ల ఇదే కొంటవా?"

"అవ్వా!" అన్నాడు, అంతే. ఆ ఒక్క అరుపు రెండు పత్రికల కన్నా నాకు ఎక్కువ చెప్పింది.

ఒక్కరి మాట చాలదని నా పట్టుదల. పైగా ఇతను జీతగాడు, ఓనరు మీద కోపం ఉండొచ్చు. బండి ఉన్నవాళ్లను అడిగితే పరువు అడ్డం వస్తుంది. అమ్మేసినవాళ్లకు ఏ అడ్డమూ లేదు. బెల్లంపల్లిలో ఒక చిన్న కాంట్రాక్టరు ఆ బండి కొని పద్నాలుగు నెలలకు అమ్మాడని మా హెడ్మాస్టరు చెబితే వెళ్లాను. నేను జవాబేదీ అందించలేదు. "ఎందుకు అమ్మిండ్రు?" అని మాత్రం అడిగాను. ఆయన మాట్లాడకుండా ఎడమచెయ్యి చాపి, పిడికిలి బిగించి, గాలిలో గేరు కర్ర పట్టుకుని చూపించాడు. అరచేతిలో కాయ ఉంది.

అప్పుడు అర్థమైంది. బొంబాయి రోడ్డు మీద పైగేరులో, ఇద్దరు మనుషులతో, కొత్త బండిని ఒక్కరోజు నడిపితే ఈ జబ్బు ఎన్నటికీ కనబడదు. పత్రికవాళ్లు కళ్లు మూసుకోనక్కర్లేదు, ఆ రోడ్డు ఎంచుకుంటే చాలు.

ఇంటికొచ్చి చెప్పేసరికి మరిది తల దించుకున్నాడు. కాక మాట మీద అతను అప్పటికే మా ఆయన పేరుతో అడ్వాన్సు కట్టేశాడు. మా ఆయనకు తెలుసు. నాకు చెప్పలేదు.

"కాకకు మాటిచ్చిన," అన్నాడు మా ఆయన. "ఆయన లేకుంటే నాకు నౌకరి లేదు."

"నౌకరి ఇప్పిచ్చినందుకు ఇరవై రెండేండ్లు దుమ్ము మింగినవు. బాకీ తీరింది," అన్నాను.

ఆయన ఏదో అనబోయాడు. దగ్గు అడ్డం వచ్చింది, అది తగ్గేదాకా నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వే పోయి చెప్పు మరి," అన్నాడు చివరకు.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ముందర వేపచెట్టు కింద మగవాళ్లంతా కాక చుట్టూ ఉన్నారు. వాళ్లలో నలుగురు కొత్తబండి బుక్ చేసినవాళ్లే. నేను వెళ్లి నిలబడ్డాను.

"కాకా, మా బుకింగు రద్దు చేయించున్రి."

"ఏమైంది బిడ్డా?"

"మీ బండిల ఐదుగురిని ఎక్కించుకొని, లారీల ఎనక రెండో గేరుల, గేరు కర్ర మీంచి చెయ్యి తీసి ఒక్క మైలు నడిపి చూపించున్రి. నిలిస్తే మా బుకింగు అట్లనే ఉంచుత."

కాక నవ్వాడు. అందరూ నవ్వారు. "నాది ఆదివారం బండి బిడ్డా. లారీల ఎనకకు ఎందుకు పోతది? అయినా ఆడిదానివి, నీకు గేర్ల సంగతి ఏం ఎరుక?"

"గేర్లు నాకు ఎరుక లేదు కాకా. టైర్లు ఎరుకే. ఐదుగురికి ఒక జత."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన మెల్లగా తల తిప్పి వాకిట్లో నిలిపిన కాక బండి టైర్ల వైపు చూశాడు. కాక ముఖం నల్లబడింది.

"దేవుని వాకిట్ల నిలబడి పెద్దమనిషిని దొంగంటవా?"

"దొంగ అనలే. ఏజెంటు అంటున్న. ముందుగాల్నే ఏజెంటునని చెప్పి ఉంటే మీ మాట ఏజెంటు మాట లెక్క ఇనేవాళ్లం. కాక మాట లెక్క ఇన్నం."

చిన్నమ్మ స్త్రీల వైపు నుంచి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఇంకా బరువే. టైర్ల మాట ఆమె నోటి నుంచే వచ్చిందని కాకకు ఆ పూటే తెలిసి ఉంటుంది. అయినా మళ్లీ అదే వాకిట్లో నిలబడితే అదే మాట అంటాను. నలుగురు మనుషుల చెమట ఆ వేపచెట్టు కింద ఉంది. నేను నోరు మూసుకుంటే వాళ్లది కూడా మునిగేది.

ఆ నలుగురిలో ముగ్గురు రద్దు చేసుకున్నారు. నాలుగో ఆయన తీసుకున్నాడు. ఏడాది తర్వాత ఎట్లుందని అడిగితే "మంచిగనే ఉన్నది టీచరమ్మా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

మేం తొమ్మిది నెలలు ఆగి, పాత పెద్దబండి కొన్నాం. అమ్మినతను మా ఇంటి ముందే నిలబడి దాని లోపాలు వరుసగా చెప్పాడు: పెట్రోలు తాగుతుంది, ఎడమ తలుపు పైకెత్తితే గాని పడదు, వానలో కాళ్ల దగ్గర నీళ్లు వస్తాయి. "అయినా నడుస్తది," అన్నాడు. మా ఆయన ఎడమ తలుపు ఎత్తి వేసి, ఎక్కి, స్టార్ట్ చేశాడు. పదకొండేళ్లు నడిపాడు. ఊపిరి ఆడని చివరి చలికాలం దాకా ఆయన రోజూ ఎక్కడికో బయలుదేరాల్సిన మనిషిగానే ఉన్నాడు.

పోయినవి ఇవి. అడ్వాన్సులో నాలుగో వంతు, ఏజెంటు కోసుకున్నాడు. ఆ తొమ్మిది నెలల సంపాదన. నేను పన్నెండేళ్లు చెప్పిన సండే స్కూలు తరగతి, ఆ నెలలోనే వేరే ఆమెకు ఇచ్చారు. మరిదితో మాటలు, నాలుగేళ్లు. కాక మా గడప తొక్కడం, ఆయన చనిపోయేదాకా. చిన్నమ్మ చేతి చాయ్, ఆ ఒక్క గ్లాసుతో సరి.